ఏడు పెద్దదా, ఎనిమిదా: పేకముక్కలతో తొలి లెక్కలు

పేకముక్క మూలన అంకె ఉంటుంది. ఆ అంకె ఎంతో చూపించే గుర్తులు మధ్యలో ఉంటాయి. కళావరు ఏడు తీసి చూస్తే 7 అన్న రాత, ఏడు కళావరు గుర్తులు ఒకే ముక్క మీద పక్కపక్కనే కనిపిస్తాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు లెక్కలు నేర్పడంలో ఉన్న అసలు పని ఈ రెంటినీ, వీటితో పాటు నోటితో పలికే ‘ఏడు’నూ ఒకదానికొకటి ముడివేయడమే. స్నాప్, వార్, గో ఫిష్ అనే మూడు తేలికైన ఆటలు ఈ ముడిని మూడు వైపుల నుంచి బిగిస్తాయి. స్నాప్‌లో రెండు ముక్కలు సమానమా కాదా అని చూడాలి. వార్‌లో ఏది ఎక్కువో చెప్పాలి. గో ఫిష్‌లో కావలసిన సంఖ్యను పేరు పెట్టి అడగాలి.

ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. చెప్పడం వేరు, లెక్క తెలియడం వేరు. మనస్తత్వ పరిశోధకురాలు కరెన్ విన్ 1990ల మొదట్లో పిల్లల ముందు బొమ్మల కుప్ప పెట్టి ‘మూడు ఇవ్వు’, ‘నాలుగు ఇవ్వు’ అని అడిగి చూశారు. పదేసి అంకెలు వరసగా చెప్పగల పిల్లలు కూడా నాలుగు అడిగితే గుప్పెడు తీసి ఇచ్చారు. ఒకటికి, రెంటికి సరిగ్గా ఇచ్చిన పిల్లలే మూడు దాటాక తడబడ్డారు. లెక్కపెట్టేటప్పుడు ఆఖరున పలికిన మాటే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి వాళ్లకు ఇంకా అందలేదు. రోచెల్ గెల్మన్, చార్ల్స్ గాలిస్టెల్ 1978లో రాసిన పుస్తకంలో లెక్కింపుకు ఆధారమైన సూత్రాలను వివరిస్తూ దీన్నీ ఒక సూత్రంగా పెట్టారు. ఇది అందిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పాప ముక్క మీది గుర్తులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలితో లెక్కపెట్టిన వెంటనే ‘అయితే ఎన్నున్నాయి?’ అని అడగాలి. ‘నాలుగు’ అంటే అందినట్టే. జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే ఇంకా అందలేదు.

ఆట ఆడించినంత మాత్రాన బడి లెక్కలు వచ్చేస్తాయనుకోవడం పొరపాటని ఢిల్లీలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం చూపించింది. మోయిరా డిలన్, ఎస్తర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, వాళ్ల సహపరిశోధకులు ప్రథమ్ సంస్థతో కలిసి అక్కడి 214 బాలబడుల్లో చేసిన ఆ పని 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఐదేళ్ల వయసు పిల్లలు నాలుగు నెలలపాటు చుక్కల గుంపులను, ఆకారాలను పోల్చే ఆటలు ఆడారు. చూడగానే ఏ గుంపులో ఎక్కువున్నాయో చెప్పే నేర్పు వాళ్లలో పెరిగి, ఏడాది దాటాక కూడా నిలిచింది. బడిలో అంకెలతో చేసే లెక్కల్లో మాత్రం వాళ్లు మిగతా పిల్లల కన్నా ముందుకు పోలేదు. ఆ ఆటలు ప్రధానంగా చుక్కలతోనే నడిచాయి. పేకముక్కకు ఉన్న సౌకర్యం ఇక్కడే తెలుస్తుంది, దాని మీద చుక్కా అంకే రెండూ ఉంటాయి. అయితే పిల్లల చూపు ఆ రెంటి మధ్య తిరిగేలా చేయవలసింది పక్కన కూర్చున్న పెద్దవాళ్లే. పిల్ల నోటితో సంఖ్య పలకకుండా సాగే ఆట పిల్లకు కాలక్షేపమే అవుతుంది.

కట్టను ముందు తగ్గించుకోవాలి. రాజు, రాణి, జాకీ, జోకర్లు తీసేస్తే నలభై ముక్కలు మిగులుతాయి. ఆసు మీద A అన్న అక్షరం పిల్లలకు అర్థం కాదు కాబట్టి దాని మీద చిన్న కాగితం అంటించి 1 రాయాలి. నాలుగేళ్ల పిల్లలకు ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న ఇరవై ముక్కలే చాలు. కొన్న పేకలో ఒక చిక్కుంది. ఐదు ముక్క మీద మధ్యలో ఐదు గుర్తులు ఉంటే, రెండు మూలల్లో అంకెల కింద మరో రెండు చిన్న గుర్తులు ఉంటాయి. పిల్లలు వాటినీ కలిపి ఏడు అంటారు. పాప ప్రతి ముక్కకూ సరిగ్గా రెండు ఎక్కువ చెబుతోందంటే లెక్కింపులో తప్పు లేదు, మూలల్లోని గుర్తులను కలుపుకుంటోందన్నమాట. ఆ చిన్న గుర్తులను అంకె పక్కన ‘బొట్టు’గా చూపించి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దని ఒకసారి చెబితే సరిపోతుంది.

పేక అంటే పందెం అన్న తలంపు బలంగా ఉన్న తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ‘పిల్లల చేతికి పేకముక్కలా?’ అని తాతగారు అభ్యంతరం చెప్పే ఇంట్లో అట్టముక్కలతో సొంతంగా కట్ట చేసుకోవడమే మంచిది. నిజానికి చదువు కోసమైతే ఇంట్లో చేసిన కట్టే మెరుగు. పాత శుభలేఖల్లో ఏమీ అచ్చు కాని వైపు పనికొస్తుంది. కానీ అచ్చయిన వైపు ముక్కముక్కకూ తేడాగా ఉంటే పిల్లలు రెండు రోజుల్లో గుర్తుపట్టేస్తారు కాబట్టి వెనకవైపు ఒకే రంగు కాగితం అంటించాలి. 6, 9 తలకిందులైతే ఒకటిగా కనిపిస్తాయి కనుక వాటి కింద గీత గీయాలి. చుక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండనక్కర్లేదు. కొన్ని ముక్కల మీద పెద్దవి, కొన్నింటి మీద చిన్నవి పెడితే, సిరా ఎక్కువ కనిపించిన ముక్కే పెద్దదనుకునే అలవాటు పిల్లలకు పడదు.

స్నాప్ ఈ మూడింటిలో తేలికైనది, త్వరగా అరిగిపోయేది కూడా. ఇద్దరూ వంతులవారీగా ముక్కలు తిప్పుతూ పోతారు. వరసగా రెండు ముక్కలు ఒకే సంఖ్యవి పడితే ముందుగా ‘స్నాప్’ అని అరిచినవాళ్లు ఆ కుప్ప తీసుకుంటారు. రెండు 4లు ఒకేలా ఉన్నాయని చెప్పడానికి నాలుగంటే తెలియనక్కర్లేదు, ముగ్గు ఆకారాలు పోల్చినట్టు రాతలు పోల్చినా చాలు. ఈ ఆట పరిమితి అదే. అందుకే కట్టలో సగం ముక్కల మీద అంకెలు మాత్రమే, మిగతా సగం మీద చుక్కలు మాత్రమే ఉంచాలి. 4 అన్న అంకె పక్కన నాలుగు చుక్కలు పడితేనే స్నాప్. నాలుగు చుక్కలను కూడా ఒక ముక్క మీద చదరంగా, ఇంకో ముక్క మీద వరసగా, మరో ముక్క మీద చెల్లాచెదురుగా వేయాలి. మూడు చుక్కల దాకా పిల్లలు లెక్కపెట్టకుండా చూపుతోనే చెప్పేస్తారు. నాలుగు, ఐదుల దగ్గరే వాళ్లకు ఈ సాధన అవసరం. వేగంగా అరిచే పోటీ మాత్రం ఇంట్లో వద్దు. తొమ్మిదేళ్ల అన్నతో ఆడే నాలుగేళ్ల చెల్లెలు ప్రతిసారీ ఓడి, రెండో రోజుకు లెక్కపెట్టడం మానేసి ఊరికే అరుస్తుంది. ఎవరి వంతులో జత పడితే వాళ్లే నింపాదిగా చూసి, సంఖ్య పేరు చెప్పి కుప్ప తీసుకోవాలన్నది మేలైన నియమం.

పిల్లల లెక్క విషయంలో అన్నింటి కన్నా ఎక్కువ పని చేసేది వార్. ముక్కలు సమానంగా పంచుకుని, ఎవరి కట్ట వాళ్లు బోర్లించి పెట్టుకుని, ఇద్దరూ ఒకేసారి పైముక్క తిప్పుతారు. పెద్ద సంఖ్య ఉన్నవాళ్లు రెండు ముక్కలూ తీసుకుంటారు. ఆటంతా ఇదే. అదృష్టం తప్ప నేర్పు లేని ఆట కనుక ఐదేళ్ల పిల్ల అమ్మమ్మను నిజంగానే ఓడిస్తుంది, ఎవరూ కావాలని ఓడిపోనక్కర్లేదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో గీతా రమణి బృందం పేద కుటుంబాల బాలబడి పిల్లల్లో కొందరితో ఇలా పోల్చే పేకాటను, మరికొందరితో జతలు గుర్తుపెట్టుకునే పేకాటను ఆడించింది. 2017లో వెలువడిన ఆ ఫలితాల్లో, పోల్చే ఆట ఆడిన పిల్లలు రెండు అంకెల్లో ఏది పెద్దదో చెప్పడంలో మెరుగయ్యారు.

అసలు నియమాల ప్రకారం 52 ముక్కలతో, ఒకరి దగ్గర ముక్కలు అయిపోయేదాకా ఆడితే వార్ గంట దాటినా తేలదు. సమానంగా పడినప్పుడు మూడేసి ముక్కలు బోర్లించి నాలుగోది తిప్పాలన్న నియమం చిన్నపిల్లలను గందరగోళపెడుతుంది. ఇంటి ఆటకు ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న ఇరవై ముక్కలు తీసుకుని, చెరో పది పంచుకుని, ఒక్క విడత మాత్రం ఆడాలి. గెలిచిన ముక్కలు చేతికట్టలో కలపకుండా పక్కన పెట్టుకోవాలి. సమానమైతే ‘సమానం’ అని పలికి ఎవరి ముక్క వాళ్లు తీసుకోవాలి. పది నిమిషాల్లో ఆట అయిపోతుంది.

ఒక విడతను దగ్గరగా చూస్తే పిల్ల ఎక్కడుందో తెలుస్తుంది. అమ్మమ్మ మూడు తిప్పింది, పాప నాలుగు తిప్పింది. పాప తన ముక్క మీద వేలు పెట్టి ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అంది. అమ్మమ్మ ముక్క మీద ‘ఒకటి, రెండు, మూడు’ అంది. ‘నాదే ఎక్కువ అమ్మమ్మా!’ అని రెండూ లాక్కుంది. ఇక్కడ అమ్మమ్మ మాట్లాడకుండా ఆగడమే కష్టం. పెద్దవాళ్లలో చాలామంది ముక్క తిప్పగానే ‘నీది నాలుగు, నాది మూడు, నీదే’ అని చెప్పేస్తారు. దాంతో పిల్లకు చేయాల్సిన పని మిగలదు. జవాబు పిల్ల నోట వచ్చాక అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘ఎంత ఎక్కువ బంగారం?’ ఏది ఎక్కువో చెప్పగల పిల్లలు కూడా ఎంత ఎక్కువో చెప్పలేక ఆగిపోతారు, ఇది ఇంకో మెట్టు. అప్పుడు చింతపిక్కలు తీసి నాలుగు గుర్తుల మీద నాలుగు, మూడు గుర్తుల మీద మూడు పెట్టించి, తరవాత వాటిని కిందికి దించి రెండు వరసలుగా ఎదురెదురుగా పేర్పించాలి. జత లేని పిక్క ఒకటి మిగులుతుంది. ‘ఒకటి ఎక్కువ’ అన్న మాటకు పాప చేతిలోనే రుజువు ఉంటుంది. ప్రతి వంతుకూ ఇలా చేస్తే ఆట చచ్చిపోతుంది. విడతకు ఒకటి రెండుసార్లు చాలు.

ఆఖరున ముక్కలు లెక్కపెట్టాలి. ‘నాకు ఎక్కువ వచ్చాయి’ అన్న పాప కుప్పను చూసి ఎత్తునుబట్టి చెబుతోందా, లెక్కపెట్టి చెబుతోందా అన్నది గమనించదగ్గ సంగతి. పాపకు పన్నెండు, అమ్మమ్మకు ఎనిమిది వచ్చాయనుకుంటే రెండు కుప్పల ముక్కలను నేల మీద రెండు వరసల్లో జతలుగా పేర్చాలి. ఒక్కోసారి పిల్లలు తమ ముక్కలను ఎడంగా, ఎదుటివాళ్లవి దగ్గరగా పేర్చి, పొడవైన వరసే ఎక్కువంటారు. వరస సాగదీసినంత మాత్రాన సంఖ్య పెరగదన్న విషయం ఈ వయసులో ఇంకా స్థిరపడదని పియాజె ప్రయోగాలు ఏనాడో చూపించాయి. తప్పని చెప్పడం కన్నా ముక్కకు ఎదురుగా ముక్క పెట్టించి చూపించడమే మంచి మార్గం.

రెండు, తొమ్మిది పడితే పిల్ల టక్కున చెబుతుంది. ఎనిమిది, తొమ్మిది పడితే ఆలోచిస్తుంది. పెద్దవాళ్లకు కూడా సంఖ్యలు దగ్గరపడేకొద్దీ పోల్చడానికి ఎక్కువ సమయం పడుతుందని మోయర్, లాండవర్ 1967లోనే కొలిచి చూపించారు. నేర్చుకోవడమంతా ఈ దగ్గరి జతల్లోనే జరుగుతుంది కాబట్టి అవి ఎన్నిసార్లు పడతాయన్నది ముఖ్యం. ఒకటి నుంచి పది వరకు ఉన్న నలభై ముక్కలతో ఆడితే పక్కపక్క సంఖ్యలు పడే వీలు సుమారు ఐదింట ఒకసారి. ఐదు సంఖ్యల ఇరవై ముక్కలతో ఆడితే మూడింట ఒకసారి. అందువల్ల పిల్ల ఐదు దాటాక ఒక్కసారిగా కట్టంతా చేతికివ్వకుండా, ఆరు నుంచి పది వరకు ఉన్న ఇరవై ముక్కలతో కొన్నాళ్లు ఆడించడం మేలు. ఏడు పెద్దదా ఎనిమిదా అన్న ప్రశ్న అప్పుడు మాటిమాటికీ వస్తుంది. మొదట్లో ప్రతి గుర్తునూ లెక్కపెట్టిన పిల్ల కొన్ని రోజులకు ఎనిమిది ముక్కను చూసి ‘ఇటు మూడు, అటు మూడు, మధ్యలో రెండు’ అని గుంపులుగా చూడటం మొదలుపెడుతుంది. ఇంకొన్నాళ్లకు గుర్తులు చూడకుండా మూలన ఉన్న అంకెతోనే చెబుతుంది. ఆ దశ వచ్చినప్పుడు చుక్కలు లేని, అంకెలు మాత్రమే ఉన్న ముక్కలకు మారవచ్చు. అంతకు ముందే మారితే పిల్ల ఊహించి చెబుతుంది. పెద్ద జతల్లో సగం ఒప్పు, సగం తప్పు రావడమే దానికి గుర్తు.

కూడిక దశలో ఇద్దరూ రెండేసి ముక్కలు తిప్పుతారు, మొత్తం పెద్దదైనవాళ్లు నాలుగు ముక్కలూ తీసుకుంటారు. పియాజె దగ్గర చదివి, పిల్లలకు లెక్కలు నేర్పడం గురించి 1985లో పుస్తకం రాసిన కాన్‌స్టన్స్ కమీ ఈ జంట వార్‌ను ఒకటో తరగతి గదుల్లో ఆడించారు. పిల్ల కూడే తీరు ఇక్కడ బయటపడుతుంది. ఐదు, మూడు పడితే మొదట్లో అన్నింటినీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. తరవాత ‘ఐదు’ అని ఆగి ‘ఆరు, ఏడు, ఎనిమిది’ అంటుంది. ఈ మార్పు రావడానికి పెద్ద సంఖ్యకు అంకె మాత్రమే ఉన్న ముక్కను, చిన్నదానికి చుక్కల ముక్కను వాడటం సాయపడుతుంది. లెక్కపెట్టడానికి చుక్కలు లేనందువల్ల ఐదును మనసులో పెట్టుకోక తప్పదు. ఈ దశలో ఒక తప్పు తరచుగా వస్తుంది. పిల్ల ఐదు నుంచే మొదలుపెట్టి ‘ఐదు, ఆరు, ఏడు’ అని మూడు మాటలు లెక్కపెట్టి జవాబు ఏడంటుంది. జవాబులన్నీ సరిగ్గా ఒకటి తక్కువగా వస్తున్నాయంటే కారణం ఇదే. మళ్లీ లెక్కపెట్టమంటే అదే తప్పు మళ్లీ వస్తుంది. అంకె ముక్కను అరచేత్తో మూసి ‘ఇందులో ఐదున్నాయి’ అని చెప్పించి, చుక్కల ముక్క మీద మొదటి చుక్కను తాకగానే ‘ఆరు’ అనిపించాలి.

అన్నిసార్లూ కూడవలసిన పని కూడా లేదు. నాలుగు, మూడుకు ఎదురుగా నాలుగు, ఐదు పడితే కొందరు పిల్లలు రెండు నాలుగులనూ వదిలేసి మూడును, ఐదును మాత్రమే పోలుస్తారు. పెద్దవాళ్లు దీన్ని బద్ధకంగా చూసి ‘మొత్తం చెప్పు’ అని పట్టుబడతారు. రెండు వైపులా సమానంగా ఉన్నదాన్ని తీసేయడం బీజగణితానికి మొదటి అడుగు, పిల్లకు అది తనంతట తనకే తోచింది. దాన్ని మెచ్చుకుని వదిలేయాలి.

గో ఫిష్‌లో ఇద్దరూ ఐదేసి ముక్కలు తీసుకుని, మిగతావి మధ్యలో బోర్లిస్తారు. ఒకరు ‘నీ దగ్గర ఏడు ఉందా?’ అని అడుగుతారు. ఉంటే ఇవ్వాలి, లేకపోతే మధ్యలోంచి ఒకటి తీసుకోమనాలి. నాలుగేళ్ల పిల్లలకు నాలుగు ముక్కల జట్టు కాకుండా జతలతో ఆడిస్తేనే బాగుంటుంది. చిన్న చేతుల్లో ఐదు ముక్కలు విసనకర్రలా నిలవవు కాబట్టి నిలబెట్టిన పుస్తకం వెనక వాటిని పేర్చుకోనివ్వాలి. ఇంగ్లిషు మాధ్యమం బాలబడికి వెళ్లే పిల్ల ‘సెవెన్’ అంటే, నాయనమ్మ ‘ఏడు’ అని జవాబిచ్చి ముక్క చూపిస్తే రెండు పేర్లూ ఒకే అంకెకు అతుక్కుంటాయి. ఇంతవరకు ఇది పేర్లు చదివే ఆట మాత్రమే.

ఈ ఆట విలువంతా పదిగా మార్చి ఆడటంలో ఉంది. పదులు తీసేసి ఒకటి నుంచి తొమ్మిది వరకు ముప్ఫై ఆరు ముక్కలు ఉంచుకోవాలి. జత అంటే ఇప్పుడు ఒకే సంఖ్య కాదు, కలిపితే పదయ్యే రెండు సంఖ్యలు. చేతిలో ఏడుంటే మూడు అడగాలి. ఒకటికి తొమ్మిది, రెంటికి ఎనిమిది, మూడుకు ఏడు, నాలుగుకు ఆరు, ఐదుకు ఐదు కుదిరి పద్దెనిమిది జతలతో కట్ట మొత్తం మిగులు లేకుండా అయిపోతుంది. ఆఖర్లో ముక్క మిగిలితే ఎక్కడో తప్పు జత పడిందన్నమాట. జతలన్నీ తిరిగి చూసి ఆ తప్పును వెతకడం పిల్లలకు ఆటంత ఇష్టం. కొన్న పేకలో పదికి ఎంత తక్కువో కంటికి కనిపించదు. ఇంట్లో చేసే ముక్కల మీద ఐదేసి గళ్లు రెండు వరసలుగా గీసి, ఏడు గళ్లలో చుక్కలు పెడితే ఖాళీగా ఉన్న మూడు గళ్లు తామే జవాబు చెబుతాయి. ఆరేళ్లు నిండని పిల్లలకు ముందు ఐదు చేసే జతలతో మొదలుపెట్టడం తేలిక. ఏడుకు నాలుగు అడిగే పిల్ల ‘ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది’ అని నాలుగు మాటలు లెక్కపెట్టింది. కూడికలో ఒకటి తగ్గిన తప్పే ఇక్కడ ఒకటి పెరిగి కనిపిస్తుంది.

పది లోపు ముక్కలు ఇక కష్టపెట్టనప్పుడు, పదులు తీసేసిన కట్టలో నాలుగు సున్నా ముక్కలు చేర్చి మళ్లీ వార్‌కే రావచ్చు. ఈసారి ఇద్దరూ రెండేసి ముక్కలు తీసి వాటితో రెండంకెల సంఖ్య కడతారు. మూడు, ఎనిమిది పడితే ముప్ఫై ఎనిమిది చేయాలా, ఎనభై మూడు చేయాలా అన్నది పిల్లే తేల్చుకోవాలి. సంఖ్యను పేరుతో చదివితేనే ముక్కలు తీసుకోవాలి. చాలామంది పిల్లలు పెద్ద ముక్కను ఎడమవైపు పెట్టడం త్వరగానే పట్టేస్తారు. స్థానం విలువ నిజంగా తెలిసిందా లేదా అన్నది మాత్రం ఒక రకం పోటీలోనే బయటపడుతుంది. పిల్ల తొమ్మిది, ఒకటితో 91 కట్టింది, తాతయ్య ఎనిమిది, ఏడుతో 87 కట్టారు. ముక్కలను విడివిడిగా చూసే పిల్ల ఏడు ఒకటి కన్నా చాలా పెద్దదని, లేదా ఎనిమిది, ఏడు కలిపితే పదిహేనని చెప్పి ముక్కలు తాతయ్యకు ఇచ్చేస్తుంది. అలాంటి పిల్లతో ఆటను అక్కడ కాసేపు ఆపి, అగ్గిపుల్లలను పదేసి కట్టలుగా కట్టి, 91కి తొమ్మిది కట్టలు, ఒక విడి పుల్ల, 87కి ఎనిమిది కట్టలు, ఏడు విడి పుల్లలు పక్కపక్కన పెట్టించి, ఆ తరవాతే తరవాతి ముక్క తిప్పాలి.